మార్కులు లేని ర్యాంకు కార్డు

పాప బడి నుంచి ఆ నోటీసు ఫోనుకు వచ్చినప్పుడు నేను డ్యూటీ దిగి, తిరువళ్ళూరు స్టేషన్లో తిరుత్తణి బండి కోసం నిలబడి ఉన్నాను. మొదటి పేజీ ఇంగ్లీషు, రెండోది తమిళం. రెండూ చదివాను. రెండింటి సారమూ ఒకటే. ఈ క్వార్టర్లీ పరీక్ష నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల కార్డులో మార్కులు ఉండవు, టోటల్ ఉండదు, ర్యాంకు ఉండదు. ఒక్కో సబ్జెక్టుకు ఒక గ్రేడు మాత్రం ఇస్తారు. కింద పట్టిక వేశారు. నూటికి తొంభై ఒకటి నుంచి నూరు దాకా వస్తే ఎ1, ఎనభై ఒకటి నుంచి తొంభై దాకా ఎ2, డెబ్బై ఒకటి నుంచి ఎనభై దాకా బి1. అలా దిగుతూ పోయి ముప్పై మూడుకు తక్కువైతే ఇ. జవాబు పేపర్లు కూడా ఇకమీదట ఇంటికి పంపరట. చూడాలనుకున్నవాళ్ళు చెప్పిన శనివారం బడికి వచ్చి, చూసి, అక్కడే ఇచ్చేసి పోవాలట. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చకుండా ఉండడానికే ఈ మార్పు అని చివర్లో రాశారు.

మా వైపు ఆ కార్డును ర్యాంకు కార్డు అంటారు. అందులో ఇక ర్యాంకు ఉండదు! బండి రాకముందే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. ఎవరి బిడ్డ ఫస్టో ఎట్లా తెలిసేది అని ఒకాయన. ఫీజు కూడా గ్రేడుల్లోనే కడతాం, తీసుకుంటారా అని ఇంకొకాయన. శనివారం సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఏమీ రాయలేదు. ఆ గ్రూపులో మునుపు నా భార్య నంబరు ఉండేది. ఆమె పోయాక నాది చేర్చారు. అందులో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ నోటీసు చూస్తే నాకూ కోపం వచ్చింది. కానీ నా కోపం ర్యాంకు గురించి కాదు.

నా భార్య ఉన్నప్పుడు, పేపర్లు వచ్చిన సాయంత్రం తల్లీ కూతురూ వంటింటి గడప దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. వచ్చిన మార్కుల గురించి ఆమె అడిగేది కాదు. "మిగిలినవి యాడ పోయినాయి?" అనేది. పోయిన ఒక్కో మార్కుకూ పాప ఒక్కో కథ చెప్పేది. లెక్కలు నేర్పేదీ ఆమే. గోడౌన్లో స్టాకు చూసుకునే పని నాది. ఇల్లు చేరేసరికి తినడం, పడుకోవడం, అంతే. ఆమె పోయాక ఆ ప్రశ్న ఒక్కటి నేను తీసుకున్నాను. పదమూడేళ్ళ ఆడపిల్లతో ఏం మాట్లాడాలో నాకు నిజంగా తెలియదు. "తింటివా?" అంటాను. "తలుపేసుకో" అంటాను. పేపర్లు వచ్చిన రోజు మాత్రం ఇంట్లో చాలాసేపు మాటలు వినబడేవి. పోయిన మార్కులను పట్టుకునే మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఈ మహానుభావులు వాటినీ తీసేశారు.

క్వార్టర్లీ కార్డు వచ్చింది. లెక్కల ఎదురుగా బి1 అని ఉంది. నేను చదివిన బడిలో బాగా చదివేవాళ్ళది ఎ సెక్షను, తక్కినవాళ్ళది బి సెక్షను. చదువు మానేదాకా నా బెంచీ బి సెక్షన్లోనే. ఆ అక్షరమంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

"నిన్ను బీలో ఏసినారేందమ్మా?" అన్నాను.

"సెక్షను కాదు నాయినా, గ్రేడు. ఆ టేబుల్ చూడు" అంది పాప.

చూశాను. అంతకు ముందు మిడ్‌టర్ములో మార్కులే ఇచ్చారు కాబట్టి నాకు గుర్తుంది, లెక్కల్లో డెబ్బై తొమ్మిది. పట్టిక ప్రకారం అదీ బి1 కిందికే వస్తుంది. అంటే పాప ఉన్నచోటే ఉంది. సైన్సులో అప్పుడు తొంభై, అంటే ఎ2. ఇప్పుడు ఎ1. పైకెక్కింది, సంతోషం. "బాగుందమ్మా" అని సంతకం పెట్టాను. ఇక అడగడానికి ఏమీ కనబడలేదు. పాప కార్డు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత దాన్ని బ్యాగులో పెట్టుకుని గదిలోకి పోయింది. పక్కింటి టీవీలో సీరియల్ మాటలన్నీ మా హాల్లోకి వినబడుతున్నాయి. ఒంటరిగా అనిపించింది.

పేపర్లు చూపించే శనివారం లీవు పెట్టి బడికి పోయాను. తరగతిలో వచ్చినవాళ్ళంతా తల్లులే. పిల్లల బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని నా వంతు కోసం కూర్చున్నాను. క్లాసు మిస్ వాళ్ళింట్లోనూ తెలుగే. ఆమె కట్ట విప్పి లెక్కల పేపరు నా ముందు పెట్టింది. పైన ఎర్రసిరాతో డెబ్బై రెండు అని ఉంది.

"పోయినసారి డెబ్బై తొమ్మిది కదా మిస్? అప్పుడూ ఇప్పుడూ బి1 అనే కదా?"

"రెండూ బి1నే సార్. డెబ్బై ఒకటి వచ్చినా అదే, ఎనభై వచ్చినా అదే. ఆ లోపల ఎంత దిగినా కార్డులో తెలీదు. సైన్సు చూడండి, తొంభై ఒకటి. పెరిగింది ఒక్క మార్కే, గ్రేడు మాత్రం మారిపోయింది. అందుకే సార్, వచ్చి పేపరు చూడండని రాసింది."

"ఏడు మార్కులు తగ్గితే పాప నాతో ఒక మాట కూడా అనలేదు మిస్."

"మీరు అడగలేదా సార్?"

మామూలుగానే అడిగింది. నేను పేపరు తిప్పాను. ఆల్జీబ్రాలో రెండు ప్రశ్నలకు నంబర్లు మాత్రం వేసి ఉన్నాయి. కింద ఒక్క గీత కూడా లేదు. ఆ ఖాళీ జాగా చూస్తుంటే, సంతకం పెట్టిన రోజు పాప కార్డు పట్టుకుని నిలబడింది నేను అడుగుతానేమోననే అని అర్థమైంది. చాలా బాధేసింది.

పేపరు అక్కడే ఇచ్చేసి ఇంటికి వచ్చాను. పాప ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చెప్పులు విప్పి నేరుగా వంటింటి గడప దగ్గరికి పోయి కూర్చున్నాను.

"మిగిలిన ఇరవై ఎనిమిది యాడ పోయినాయమ్మా?"

చేతిలో చొక్కా అట్లాగే పట్టుకుని నన్ను చూసింది. వచ్చి, వాళ్ళమ్మ ముందు కూర్చున్నట్టే నా ఎదురుగా కూర్చుంది.

"కార్డు వచ్చిన్రోజు నువ్వు అడగలేదు కదా, సంతోషంగా ఉండింది" అంది. "ఇంక ఎప్పుడూ అడగవులే అనుకుంటి. రెండు దినాలు బాగుండింది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మనింట్లో ఎవురూ మాట్లాడలేదు నాయినా."

పాప చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది. ఆల్జీబ్రా లెక్కలు రెండూ తనకు రావంది. అమ్మ ఉంటే చెప్పుండేది అంది.

"నాకూ రావమ్మా. నేను బి సెక్షను" అన్నాను.

నవ్వింది. మా ఇంట్లో ఆ నవ్వు విని చాలా కాలమైంది. సోమవారం మిస్‌ను అడిగి నేర్చుకుంటానంది. కూడికలో తప్పు చేసి పోగొట్టుకున్నవి, గ్రాఫులో గీత జరిగి పోయినవి చెప్పింది. మధ్యలో కుక్కరు కూసింది. పాప లేచి స్టవ్ ఆపి, నా వైపు తిరిగింది.

"ఇంకా ఉండాయి నాయినా. తినినాక చెప్తా. నువ్వు నిద్రపోవాకు."