పచ్చకాగితం మీద ఏడు ప్రశ్నలు

ప్రొద్దుటూరులో పంపుసెట్లు అమ్మే అంగట్లో నేనూ, ఒక పెద్దాయనా ఏజెంట్లం. ఆయనలాంటి అమ్మకందారును నేను మళ్లీ చూడలేదు.

పులివెందుల పల్లెల్లో నేను, ‘ఒక్క అరగంట కూర్చోండి, కొత్త పంపు గురించి చెప్తా’ అని రైతుల్ని బతిమాలేవాణ్ణి. “యాడిది తీరిక?” అని వాళ్లు దున్నే మడకల వెంట పోయేవాళ్లు.

పెద్దాయన ఎవరినీ కూర్చోమనేవాడు కాదు. ఏడు ప్రశ్నలు అచ్చేయించిన పచ్చకాగితం చేతిలో పెట్టి, “నీ పంపును నువ్వే చూసుకోప్పా” అని సైకిలెక్కేవాడు. పంపు ఆపినాక గొట్టంలో నీళ్లు నిలుస్తాయా? ఎండాకాలంలో పంపుకూ నీటికీ మధ్య దూరం ఇరవై అడుగులు దాటుతుందా? తేడా ఉంటే ఏం చేయాలో కూడా ప్రతి ప్రశ్న కిందా ఉండేది.

ఒక రైతు రోజూ పొద్దున్నే పంపులో నీళ్లు పోసి, తర్వాత ఇంజను తిప్పేవాడు. కాగితం చూసి, గొట్టం అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వులో తోలు అరిగిందని కనిపెట్టి, చెప్పులు కుట్టే ఆయనతో తోలుముక్క కోయించి తనే వేసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

“ఊరికే చెప్పి బేరం చెడగొడతాండావు మామా!” అన్నాను. ఆయన నవ్వి సైకిలెక్కాడు.

ఎండలు ముదిరాక ఆ రైతే అంగడికొచ్చాడు. బావిలో నీళ్లు దిగిపోయి పంపు ఎత్తడం లేదట. తాడు దించి కొలిచి, నలిగిన పచ్చకాగితం మీద ముప్పై అడుగులని రాసుకున్నాడు. నేను గబగబా లేచి కుర్చీ వేశాను. అతను నన్ను దాటిపోయి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

“మామా, మా బాయికాడికి వచ్చేదానికి నీకెప్పుడు తీరికైతాది?”