అక్కను గుర్తుపట్టని గేటు

మాదాపూర్‌లో నేనూ అక్కా పనిచేసే ఆఫీసు గేటు ముఖం చూసి తెరుచుకుంటుంది. ఒకరోజు పొద్దున అది అక్కను లోపలికి రానివ్వలేదు.

"మొహం ఉబ్బింది కదరా, మిషన్‌కేం ఎరుక," అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథిలో క్యాన్సర్ గడ్డ మొదటిసారి పెరిగినప్పుడూ ఆమె ముఖం ఇలాగే గుండ్రంగా అయింది. ఆ గడ్డ కార్టిసాల్ అనే హార్మోన్‌నూ మగ హార్మోన్లనూ విపరీతంగా తయారుచేసేది. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ రాకుండా మైటోటేన్ అనే మందు ఇచ్చారు. ఆ మందు రెండో వైపు గ్రంథిని కూడా అణిచేస్తుంది కాబట్టి అక్క రోజూ కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిజోన్ మాత్రలు వేసుకోవాలి. ముఖం ఉబ్బింది ఆ మాత్రల వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం క్యాబ్‌లో, ఎండ పడ్డప్పుడు, ఆమె గడ్డం మీద ముతక వెంట్రుకలు కనిపించాయి. మాత్రలు ముఖాన్ని ఉబ్బించగలవు. గడ్డం మీద వెంట్రుకల్ని మాత్రం మొలిపించలేవు.

"ఎన్ని రోజులైందక్కా?"

"పార్లర్‌ల తీయించుకుంటున్న. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

రక్తపరీక్షలో మగ హార్మోన్లు బాగా పెరిగి ఉన్నాయి. స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో, కాలేయంలో గడ్డలు కనిపించాయి. ఇక ఆపరేషన్‌కు వీల్లేదని, మైటోటేన్‌తో పాటు కీమో మొదలుపెడదామని డాక్టర్ చెప్పారు.

"తగ్గుతదా సార్?" అని అక్క అడిగింది.

"కొంతకాలం ఆపగలమేమో చూద్దాం అమ్మా."

బయటికొచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "గడ్డం సంగతి అమ్మకు చెప్పకు. మిగిలింది నువ్వే చెప్పురా, నాతోని కాదు."