పడకపోతే అనే మాట

కరువు ఏడాది ఐరాల దగ్గర మా చేనికి బోరు బండి వచ్చింది. ఏజెంటు అడుగు రేటు ఒక్కటే చెప్పాడు. మూడు వందల అడుగులు దాటితే రేటెంత, కేసింగ్ పైపు ధరెంత, నీళ్లు పడకపోయినా మొత్తం కట్టాలా అన్నవి కాగితం మీద రాయించుకుందామన్నాను.

"టెంకాయ కొట్టినాక పడకపోతే అనే మాటేందిరా!" అని నాయన కసిరాడు. కాగితం లేకుండానే బోరు మొదలైంది.

పైనంతా మెత్తటి మట్టి. రాయి తగిలేదాకా, మట్టి కూలకుండా అరవై అడుగుల కేసింగ్ దిగింది, దాని లెక్క వేరే. మూడు వందలు దాటాక ప్రతి వందకూ రేటు పెరిగింది. ఐదు వందల దాకా దుమ్మే లేచింది. ఆ బిల్లుకు పాడి ఆవులు రెండూ పోయాయి.

ఇప్పుడు ఊళ్లో ఎవరు బోరు వేయించినా ఆ మూడూ ముందే రాయిస్తాను. నాయన మాత్రం పోయేదాకా రోజూ ఆ పైపు మూత తీసి, చిన్న రాయి వేసి, చెవి ఆనించి వినేవాడు.