జతగా రాని కుర్చీలు

ప్రొద్దుటూరులో నాటకానికి టికెట్లన్నీ అయిపోయిన రోజు, జనం పెన్నేటి గట్టుదాకా నిలబడ్డారని మనవళ్లకు చెబుతుంటాను. నమ్మకండి. హాలు గేటు దాటి సోడా బండిదాకా ఉన్నారు, అంతే.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన కాలం. మా నాటక సంఘంలో వెయిటింగ్ లిస్టు పని నాది. టికెట్ వద్దనుకున్నవాళ్లు కౌంటర్లోనే వాపసు ఇవ్వాలి, బయట అమ్ముకోకూడదు. వాపసొచ్చిన కుర్చీ వరుసలో ముందున్నవాళ్లది, ఎవరి సిఫారసూ చెల్లదు. ఇద్దరుగా రాయించుకున్నవాళ్లను విడదీయకూడదు; రెండు కుర్చీలు ఒకేసారి వచ్చేదాకా వాళ్ల స్థానం అలాగే ఉంటుంది. ఒక్కటే వస్తే వెనకున్న ఒంటరి మనిషికి ఇవ్వాలి. ఈ ఆఖరి నియమం నాదే.

ఆ రోజు అందరికంటే ముందున్నది జమ్మలమడుగు నేతగాడు, ఆయన భార్య. ఆమెను ఆస్పత్రిలో చూపించుకుని అటునుంచే వచ్చారు. మనిషి సగమైపోయింది.

"డాక్టరేమన్నాడు మామా?" అన్నాను.

"ఇంటికి తోడుకపొమ్మన్నాడప్పా," అన్నాడాయన మెల్లగా. "ఎప్పుడూ నేలమీద కూర్చోనే సూసినాము. ఒక్కతూరి కుర్చీలో కూర్చోని సూడల్లంటాంది."

"నాకు కుర్చీ, నీకు కునుకు," అందామె. "తెర లేవకముందే గురక పెడతాండావు గదా!"

కాసేపటికి ఆడవాళ్ల వైపు కుర్చీ ఒకటి వాపసొచ్చింది. ఒక్కటే కదా అని వెనకున్న టీచరమ్మకిచ్చాను. తర్వాత మగవాళ్ల వైపు ఒకటి. అదీ ఒక్కటే. పులివెందుల నుంచి వచ్చిన కుర్రాడికి ఇచ్చాను.

"రెండు ఒక్కతూరి ఎప్పుడొస్తాయప్పా?" అన్నాడు నేతగాడు.

చూసొస్తానని లోపలికి తొంగి చూశాను. హాలు మధ్యలో తాడు. తాడుకు ఈ పక్క ఆడవాళ్లు, ఆ పక్క మగవాళ్లు. ఆ తాడు కట్టిందీ మా సంఘమే. మొగుడూ పెళ్లాలకు పక్కపక్కన కుర్చీలు ఆ హాల్లో ఏనాడూ లేవు. రెండు లిస్టులు రాసి ఉంటే ఆడవాళ్లలో ఆమె మొదటిది, మగవాళ్లలో ఆయన మొదటివాడు. ఇద్దరూ ఈపాటికి లోపల ఉండేవాళ్లు.

గంట మోగింది. ఇంకో కుర్చీ రాలేదు.

"పోనీలే నాయనా, ఈడ గాలన్నా వస్తాది," అందామె. ఇద్దరూ హాలు గోడకు ఆనుకుని పద్యాలు విన్నారు.

మరుసటేడు ఆ నాటకం ఆడిన కంపెనీయే మళ్లీ వచ్చింది. ఈసారి రెండు లిస్టులు రాశాం. నేతగాడు ఒక్కడే వచ్చాడు. ఆమె గురించి నేను అడగలేదు. మగవాళ్ల లిస్టులో ఆయనే మొదటివాడు, కుర్చీ కూడా వచ్చింది. ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను.

అదీ అబద్ధమే.

"వెనకాయనకియ్యి అప్పా," అన్నాడాయన. "నాకు ఆడనే బాగుంటాది."

పోయి ఆ గోడకే ఆనుకున్నాడు, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.