సముద్రంలో పడ్డ ఇళ్ళు

నన్ను మొహం మీదే దొంగ అన్నది యారాడ అనే సముద్రపొడ్డు ఊరి నుంచి వచ్చిన ఒక ముసలావిడ. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉన్నందుకు.

రెండువేల దశకం చివర్లో నేను సీతమ్మధారలో మ్యాపులు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. యారాడలో తీరం పక్కనున్న గుడిసెల స్థానంలో పక్కా ఇళ్ళు కట్టిస్తామని, ముందు ఆ గుడిసెలన్నిటినీ మ్యాపు మీద పెట్టమని ఒక ప్రభుత్వ కార్యాలయం మాకు పని అప్పగించింది. మా సర్వేయరు, సర్వే శాఖలో రిటైరై వచ్చిన పెద్దాయన, చేతి జీపీఎస్ పట్టుకుని ప్రతి గుమ్మం ముందూ నిలబడి అక్షాంశం, రేఖాంశం రిజిస్టరులో రాసుకొచ్చాడు. నేను వాటిని టైపు చేసి, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో లేయర్‌గా, అంటే గుడిసెకో చుక్క ఉన్న ఒక పొరగా తెరిచాను.

భూమి మీద ఒకే చోటుకి ఒక్కో లెక్కలో ఒక్కో అంకె వస్తుంది. ఏ లెక్కో చెప్పేదాన్ని సీఆర్ఎస్ అంటారు. నా ఫైల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. లేకపోతే ఏం చెయ్యాలో సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పి ఉంది, అది నన్ను అడక్కుండానే తన మామూలు లెక్క డబ్ల్యూజీఎస్ 84 తగిలించుకుంది. నేనూ పట్టించుకోలేదు. కింద ఉపగ్రహ చిత్రం పరిచాను. పంతొమ్మిది చుక్కలు నీళ్ళలో పడ్డాయి. మిగతావి ఇసుకలోనూ, సరుగుడు తోటలోనూ పడ్డాయి.

బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. నేను ప్రింటు తీసి పట్టుకెళ్ళాను.

అధికారి కళ్ళజోడు సర్దుకుని చూసి నవ్వాడు. "సముద్రంలో ఇళ్ళేంటయ్యా? అంతా బోగస్ పేర్లే."

"మ్యాపులో అలాగే వచ్చింది సార్," అన్నాను. ఆ ముక్క మింగేసి ఉంటే బాగుండేది. ఆయన పంతొమ్మిది పేర్ల పక్కనా ఎర్ర సిరాతో 'బోగస్' అని రాసి, వాళ్ళకు ఇళ్ళు లేవని ఊళ్ళోకి కబురు పంపాడు.

మూడో రోజు పొద్దున్నే యారాడ వాళ్ళు మా మెట్లెక్కారు. మా బాస్ వెనక గదిలోకి జారుకున్నాడు. ముందు నిలబడ్డది ఆ ముసలావిడ. మొగుడూ కొడుకూ చేపల వేటకెళ్ళే ఇల్లు ఆమెది.

"నా ఇల్లు సంద్రంలో ఉందని రాసినోడెవుడు?"

"అంకెలు అలా వచ్చాయమ్మా."

"అంకెలా? నాను సేపనేటి, సంద్రంలో కాపరం సేడానికి? మా అత్త కాడ్నించీ ఆ గుమ్మంలోనే వొండుకు తింటన్నాం. నువ్వు ఈ కుర్సీలో కూకోని ముంచీసావు. దొంగ నాయాల!"

నాకు తిక్క రేగింది. "మీరే మా సర్వేయరుకి తప్పుడు చోటు చూపించి ఉంటారు," అన్నాను. ఆమె వేలు నా కంటిదాకా వచ్చి ఆగింది.

"రా. నా గుమ్మం కాడికొచ్చి ఆ మాటను."

వాళ్ళు దిగి వెళ్ళాక, ఆమె అబద్ధం బయటపెడదామన్న కసితోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చిత్రాన్ని దగ్గరికి లాగి చూస్తే నా చుక్కలకు వాయవ్యంగా, రెండొందల మీటర్ల పైచిలుకు దూరంలో, గుడిసెల కప్పులు బారుగా కనిపించాయి. చుక్కల వరస ఎక్కడ వంపు తిరిగిందో కప్పుల వరసా అక్కడే వంపు తిరిగింది. ఊరంతా కూడబలుక్కున్నా అందరూ ఒకే దిక్కుకి, ఒకే దూరం అబద్ధం చెప్పలేరు.

సర్వేయరు దగ్గరకెళ్ళాను. "మాస్టారూ, జీపీఎస్‌లో డేటమ్ ఏది పెట్టారు?"

"ఇండియనే. టోపోషీటుతో కలవద్దా? మా రోజుల్లో షీటుతో కలవకపోతే ఫైలు మొహాన కొట్టేవారు. నా సర్వీసంతా అదే అలవాటు. అయినా, లేయర్ ఎక్కించేటప్పుడు నువ్వడిగావా?"

అడగలేదు. టోపోషీట్లంటే మన పాత సర్వే పటాలు, ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి; జీపీఎస్‌లో ఆ లెక్క పేరే ఇండియన్ డేటమ్. ఆయన జీపీఎస్‌నూ ఆ లెక్కకే తిప్పుకున్నాడు. నేనేమో ఆ అంకెల్ని డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త లెక్కలోవి అనుకున్నాను. ఇద్దరం పది నిమిషాలు అరుచుకున్నాం. బాస్ వచ్చి, "గోలెందుకు? ఆ చుక్కల్ని మౌస్‌తో లాగి ఒడ్డున పడెయ్," అన్నాడు. ఆయన మీద కూడా అరిచాను.

మర్నాడు జీపీఎస్ తీసుకుని యారాడ వెళ్ళాను. ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, ఇస్తారని అనుకోనూ లేదు. ఊరంతా చుట్టూ మూగింది. ముసలావిడ గుమ్మంలో నిలబడి ముందు ఇండియన్ డేటమ్‌లో చదివాను. మా రిజిస్టరులో ఆమె ఇంటికి ఉన్న అంకెలే, చివర పిసరంత తేడాతో వచ్చాయి. సెట్టింగు డబ్ల్యూజీఎస్ 84కి మార్చాను. కాలు కదపకుండానే అంకెలు మారిపోయాయి.

"సూసారా! నిల్సున్న సోటే రెండు మాటలు సెప్తంది. ఇది దొంగ పెట్టి," అన్నాడొకడు.

"పెట్టి కాదు. తప్పు మాది," అన్నాను. ఎవరూ నమ్మలేదు.

ఆఫీసుకొచ్చి లేయర్ మీద కుడి క్లిక్ చేసి, సీఆర్ఎస్ జాబితాలో మన పాత లెక్కను ఎంచుకున్నాను. చుక్కలు ఒక్క పిసరు కదల్లేదు. ఆ జాబితాలో పేరుంది గానీ, పాత లెక్క నుంచి కొత్త లెక్కకు ఎంత జరపాలో చెప్పే మూడు అంకెలు లేవు. వాటిని ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, ఎవరెస్ట్ కొలతలతో పాటు ఆ మూడూ చేర్చి నేనే ఒక కస్టమ్ సీఆర్ఎస్ తయారుచేసి, లేయర్‌కి అది పెట్టాను. లెక్కలు వేరైన లేయర్లను ఒకచోట సర్దే ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. చుక్కలన్నీ ఒక్క గెంతులో కప్పుల మీద వాలాయి. నేను ఒక్క అంకె కూడా దిద్దలేదు, అవి ఏ లెక్కలోవో చెప్పానంతే. ముసలావిడ గుమ్మంలో కొత్త లెక్కలో తీసుకున్న అంకెలతో సరిచూస్తే నాలుగైదు అడుగుల తేడా వచ్చింది. అప్పుడు ఆ లేయర్‌ని డబ్ల్యూజీఎస్ 84లోకి మార్చి వేరే ఫైలుగా సేవ్ చేశాను.

అధికారి కొత్త మ్యాపు తీసుకుని పంతొమ్మిది పేర్లూ మంజూరు జాబితాలో చేర్చాడు. పాత కాగితం మీద 'బోగస్' అన్న మాట కొట్టెయ్యమన్నాను.

"అది క్లోజైన ఫైలయ్యా. ఇళ్ళొచ్చాయి కదా, ఇంకేం కావాలి వాళ్ళకి?"

ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ యారాడ వెళ్ళాను. ముసలావిడ గుమ్మంలో చేపలు కోస్తోంది, తలెత్తలేదు.

"ఇల్లిస్తారు సరే. ఆ కాయితంలో నాను దొంగనే గదా?"

"ఆయన కొట్టెయ్యనన్నాడమ్మా."

"అయితే నువ్వు రాయి."

బ్యాగులోంచి తెల్ల కాగితం తీసి అక్కడే అరుగు మీద కూర్చుని రాశాను. ఈ పంతొమ్మిది ఇళ్ళూ నేల మీదే ఉన్నాయని, సముద్రంలో చూపించడం మా తప్పని, ఊరివాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదని రాసి సంతకం పెట్టాను. ఆమెకు చదువు రాదు. కోడల్ని పిలిచి, వీధంతా వినేలా చదవమంది. నేను లేవబోతే కూర్చోమని చేత్తో సైగ చేసింది.

కోడలు చదివింది. 'మా తప్పు' అన్నచోట ముసలావిడ కత్తి పక్కన పెట్టింది.

"ఆ ముక్క మళ్ళీ సదువు."