చూస్తానన్నాడు

ఆ ఇంటికి ఎవరొచ్చి వెళ్లినా తండ్రి చూపు పెద్దమ్మాయి మీదే ఆగేది. ఆయనకు వినికిడి అంతంతమాత్రం. అచ్చు యంత్రాల పక్కన ఏళ్ల తరబడి నిలబడి చెవులు అక్కడే పోగొట్టుకున్నాడు. వచ్చినవాళ్లు ఎంతసేపు మాట్లాడినా నవ్వుతూ తలాడించేవాడు. వాళ్లు గడప దాటగానే "ఇంతకీ ఏమన్నారు?" అని అడిగేవాడు. ఆ పిల్ల ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అంత మాటనీ ముక్కలో చెప్పేసేది. వస్తామన్నారు, రామన్నారు, కుదరదన్నారు. నసుగుడంటే ఆయనకు ఒళ్లుమంట. అందుకని ఎదుటివాళ్లు నసిగినచోట కూడా ఏదో ఒకటి తేల్చి చెప్పడం ఆమెకు అలవాటైపోయింది. మా పెద్దదుంటే నాకు చెవులెందుకు అని ఆయన పదిమందిలో మురిసిపోయేవాడు. పొగడ్త అలవాటైన పిల్ల ఇక ఆ పని మానుతుందా?

అచ్చాఫీసు మూతపడ్డప్పుడు బాబాయ్ వచ్చి, టీ తాగి, అన్న భుజం తట్టి వెళ్లాడు. తన గిడ్డంగిలో పని ఇప్పిస్తానన్నాడని పెద్దమ్మాయి చెప్పింది. ఆయన ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే వెళితే గిడ్డంగిలో ఎవరికీ ఆ సంగతే తెలియదు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. తమ్ముడి పేరెత్తితే చాలు, మాట తప్పినవాడి ఊసు నాకొద్దనేవాడు.

తల్లి మంచాన పడటంతో పెద్దమ్మాయి చదువు నడిమధ్యలో ఆగింది. తల్లి లేచి తిరగడం మొదలెట్టాక మళ్లీ కాలేజీలో చేరింది. తరగతిలో అందరూ తనకంటే చిన్నవాళ్లే కాబట్టి అందరికీ అక్క అయిపోయింది. ఏ జట్టులో వేసినా సమావేశం సారాంశం రాసే పని ఆమె నెత్తినే పడేది. ఎవరు ఏ భాగం రాయాలి, ఏ రోజుకి పంపాలి అన్నది ఆమె రాస్తే ఇక వాదనుండదు. సారాంశమంటే ఇలా ఉండాలని మేడమ్ ఒకసారి ఆమె రాసినదాన్ని తరగతి మొత్తానికీ చూపించారు కూడా.

ఈసారి జట్టులో నలుగురు. అక్క కాక, ఏ మాటకైనా ముందు పుస్తకం తిరగేసే పిల్ల కళ్లజోడు. నోటికి తాళం లేని కుర్రాడు వాగుడుకాయ. నాలుగోవాడు నిదానం. వాడు ఈ పేపరు ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే కాలేజీలో సీటు ఉండదు. హాస్టళ్లలో నీళ్ల వాడకం మీద సర్వే చేసి నివేదిక ఇవ్వాలి. ఎండలో గది గదికీ తిరిగి ప్రశ్నలడిగింది చాలావరకు నిదానమే. ఆ జవాబుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి పట్టికలు చేసింది వాగుడుకాయ.

లైబ్రరీలో చర్చల గదిలో కూర్చున్నారు. పరిచయం, పాత పరిశోధనలు కళ్లజోడు తీసుకుంది. సర్వే పద్ధతి నిదానం, చర్చ, ముగింపు వాగుడుకాయ, అన్నీ కలిపి ఒక్క చేతి రాతలా చేయడం అక్క. మరి ఫలితాలెవరు అనేసరికి గది కోసం తర్వాతి జట్టు తలుపు కొడుతోంది. నిదానం సంచి భుజాన వేసుకుంటూ, "ఫలితాలు నేను చూస్తాన్లే" అన్నాడు.

అక్క ఇంటికెళ్లే బస్సులోనే సారాంశం రాసింది. పైన 'ఎవరు ఏ భాగం రాస్తారు' అని శీర్షిక, కింద భాగాలు, వాటి పక్కన పేర్లు. ఫలితాల పక్కన నిదానం పేరు. మొదటి ప్రతులు గురువారం సాయంత్రానికి, ఒకరిది ఒకరు చదివి సవరణలు చెప్పడం శనివారానికి, కలిపిన ప్రతి సోమవారానికి, మేడమ్ గడువు బుధవారం. మార్పులుంటే రేపటిలోగా చెప్పాలని, చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని చివర్లో చేర్చి జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ముగ్గురూ బొటనవేలి గుర్తు పెట్టారు. ఆమెకు కడుపు నిండినట్టయింది.

గురువారం అన్నీ వచ్చాయి, ఫలితాలు తప్ప. మర్నాడు పొద్దున్నే నిదానానికి ఫోన్ చేసింది.

"నేను పంపడమేంటక్కా?" అన్నాడు వాడు. "పట్టికలు ఆ వాగుడుకాయ దగ్గరున్నాయి. వాడు రాసి పంపితే అంకెలు సరిపోయాయో లేదో చూస్తానన్నాను. నిన్నటి నుంచి వాడి కోసమే చూస్తున్నా."

మరి బొటనవేలు ఎందుకు పెట్టావని అడిగింది. నువ్వు పంపింది చూశానని పెట్టాను, శీర్షిక ఎవరు చదివారు, నా పేరు కనిపించింది, సరేననుకున్నాను అన్నాడు.

ఈలోగా వాగుడుకాయ ఊరుకోలేదు. పని ఎగ్గొట్టినవాడి మీద జట్టు ఫిర్యాదు చేయొచ్చు. సారాంశం జతచేస్తే చాలు, వాడికి ఆ ప్రాజెక్టులో సున్నా, పేపరూ పోయినట్టే. వాగుడుకాయ ఆ సారాంశాన్నే తగిలించి మేడమ్‌కి పంపేశాడు. మధ్యాహ్నానికి నలుగురికీ పిలుపొచ్చింది.

మేడమ్ గదిలో నిదానం గోడకు అతుక్కుని నిలబడ్డాడు. తన వాదన మొదలుపెట్టేలోగా వాగుడుకాయ అడ్డుపడ్డాడు. మేడమ్ సారాంశం చూపించి, ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలని అడిగారు. నిజమే, స్పష్టంగానే ఉంది. స్పష్టత అంతా అక్కదే. వాడిది కాదు. నోరు మెదపకపోతే తన సారాంశానికి మచ్చ రాదు, వాగుడుకాయతో గొడవా ఉండదు. వాడి సీటు మాత్రం పోతుంది.

"నువ్వే రాశావు కదా. ఈ అబ్బాయి రాస్తానన్నాడా?" అని మేడమ్ ఆమెనే అడిగారు.

"చూస్తానన్నాడు మేడమ్. రాస్తాడని నేను రాసుకున్నాను. చూడటమంటే ఏంటని అడగలేదు."

వాగుడుకాయ చురచురా చూశాడు. మేడమ్ ఫిర్యాదు పక్కన పెడుతున్నానని, బుధవారం గడువు మాత్రం మారదని చెప్పారు. సారాంశానికి విడిగా ఇచ్చే మార్కులు ఇక మర్చిపొమ్మని అక్కతో అన్నారు. అది న్యాయమే అనిపించింది ఆమెకు.

మెట్లు దిగుతుంటే నిదానం వెనక నుంచి వచ్చాడు. కృతజ్ఞతలు చెబుతాడేమోనని ఆమె లోపల్లోపల ఆశపడిన మాట వాస్తవం.

"ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదక్కా" అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

ఇంటికొస్తే తండ్రి వరండాలో కూర్చుని ఉన్నాడు. కూతురి మొహం చూసి ఏమైందని సైగ చేశాడు. ఆమె పక్కన కూర్చుని, ఆయన చెవిలో జరిగినదంతా చెప్పింది. ఈసారి ముక్కలో తేల్చలేదు. ఎవరు ఏమన్నారో ఆ మాటలనే, వాళ్లు అన్న వరసలోనే చెప్పింది. ఆయన 'చూస్తానన్నాడు' అన్నచోట చెయ్యెత్తి ఆపాడు. ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.

ఆయన వీధి వైపు చూస్తూనే అడిగాడు.

"ఆ రోజు మీ బాబాయ్ ఏమన్నాడే?"

"చూస్తానన్నాడు" అంది ఆమె, ఆయన చెవి దాకా వంగకుండానే. ఆ మొహం చదవడానికి ఆయనకు చెవులక్కర్లేదు. తిడతాడనుకుంది, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు చాలాకాలం అనిపించింది.

"నంబరు ఉందా వాడిది? కలుపు" అన్నాడు. "నాకెలాగూ వినపడదు. వాడేమంటే అది చెప్పు. నీది ఒక్క మాట కూడా కలపకు."

ఆమె నంబరు నొక్కి, ఫోను తన చెవికి ఆనించుకుంది. అవతల మోగుతోంది.