ఆరో నంబరు పక్కన ఫోటో

పెళ్లయిన అయిదేళ్లలో నేను పనసపొట్టు కూర ఎన్నిసార్లు చేశానో అన్నిసార్లూ చేదొచ్చింది. మా అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం పక్కకి జరిపి, "నీకు చెయ్యి కుదర్లేదే" అనేది. వచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పేది. అదే కూర ఆవిడ చేస్తే సెక్టారంతా మెచ్చుకునేది. భిలాయ్‌లో మా క్వార్టర్ అంటే రెండు గదులు, ఒక వంటిల్లు. ఎక్కడ నిలబడినా ఆ మాట వినబడేది. ఒళ్లు మండిపోయేది. కానీ కూర నిజంగానే చేదుగా ఉంటే ఏమని వాదించను?

తొంభైల నడుమ మా సెక్టార్ తెలుగు ఆడవాళ్లంతా కలిసి వంటల పుస్తకం వేద్దామనుకున్నారు. ఇంటికో వంట, వంటకో పేజీ. మార్కెట్లో కంప్యూటర్ మీద అచ్చుపేజీలు కూర్చే డీటీపీ షాపు నడిపే భయ్యాకి తెలుగు రాదు. నేను పెళ్లికి ముందు ఆ పని నేర్చుకున్నదాన్ని. పుస్తకం అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం రెండు గంటలు వెళ్లడానికి అత్తగారు ఒప్పుకుంది. ఆ రెండు గంటలే నాకు గాలి ఆడేది.

చిన్న పేజీ. ఎడమవైపు సన్నటి కాలమ్‌లో కావలసినవి, కుడివైపు నంబర్లతో చేసే విధానం. కావలసినవి వాడే వరసలోనే ఉండాలి. ప్రింటు తీశాక పెన్సిలుతో ఒక్కొక్క దినుసుకీ టిక్కు పెట్టుకుంటూ, అది ఏ నంబరులో పడిందో చూసుకునేదాన్ని. ఫోటో ఏ నంబరుదో దాని పక్కనే ఖాళీ గడి గీసి వదిలితే, ప్రెస్‌లో ఆ ఫోటో నెగటివ్ అక్కడ అతికించేవారు.

మా ఇంటి పేజీ వచ్చింది. అత్తగారు చెబుతుంటే నేనే రాసుకున్నాను. పనసపొట్టు ఉడికించి పిండడం, పోపు, చింతపండు గుజ్జు, బెల్లం. ఆరో నంబరు: "పొయ్యి మీద ఉడుకుతుండగానే నూరిన ఆవ కలిపి, అయిదు నిమిషాలు మగ్గనివ్వాలి." నేను అయిదేళ్లుగా చేస్తున్నది సరిగ్గా అదే. ఫోటో మా ఆయన ఒక ఆదివారం తీసింది. ఆ రోజు నేను లేను. కూర పొయ్యెక్కగానే కొత్తిమీర తెమ్మని అత్తగారు నన్ను దూరాన క్యాంప్ 2 బజారు దాకా పంపింది. కూరలో కొత్తిమీర పడనేలేదు.

ఆరో నంబరు పక్కన గడి గీసి, కొలత కోసం ఫోటో చేతిలోకి తీసుకున్నాను. అత్తగారు ఆవ కలుపుతోంది. గిన్నె నేల మీద గోనెపట్టా మీద ఉంది. వెనక పొయ్యి ఖాళీ. మంట లేదు, గిన్నెలోంచి ఆవిరి లేదు. పూర్తిగా చల్లారిన కూర.

వేడి మీద వేస్తే ఆవ చేదెక్కుతుందన్నమాట. అయిదేళ్లలో ఆవ కలిపే వేళకి నన్ను ఎన్నిసార్లు బయటికి పంపిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఒకసారి అగ్గిపెట్టెకి, ఒకసారి పక్కింటికి పెరుగుతోడుకి. షాపులో కూర్చుని ఏడ్చాను. ఫోటోలో ఉన్న పెద్దావిడ పోయిందనుకున్నాడు కాబోలు, భయ్యా చాయ్ తెప్పించాడు.

ఆరో నంబరు మార్చేశాను: "దించి, పూర్తిగా చల్లారాక ఆవ కలపాలి." ప్రింటు తీసుకెళ్లి, ఫోటోతో సహా అత్తగారి ముందు పెట్టాను. పోట్లాటకి సిద్ధమై వెళ్లాను. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. మొహం తెల్లబోయింది.

"ఇలాగ అచ్చేసీసి ఇంటింటికీ పంచీస్తే, ఇంక నన్నెవరడుగుతారే?" అంది. "ముప్ఫై అయిదేళ్లయింది ఈ ఊరొచ్చి. నాకున్నది అదొక్కటే. నీకు తెలిసిపోయింది కదా, చాలదేటి?"

అంతలోనే గొంతు మార్చింది. పాతది ఉన్నది ఉన్నట్టుగా ఉంచితే, పుస్తకం అయ్యాక కూడా షాపుకి వెళ్లొచ్చంది. లేదంటే రేపట్నుంచి గడప దాటక్కర్లేదంది.

మర్నాడు ఆరో నంబరు మళ్లీ పాతలాగే పెట్టాను. ఆ ఫోటో తీసేసి, అదే గడిలో అత్తగారు పట్టుచీరలో కూర్చున్న ఫోటో వేయించాను. పేజీ అందంగా కుదిరింది. అందరూ మెచ్చుకున్నారు.

పుస్తకం అచ్చయి నెల తిరక్కుండానే పక్కనున్న రిసాలి నుంచి కొత్తగా పెళ్లయిన పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది. మూడుసార్లు చేసిందట, మూడుసార్లూ చేదొచ్చిందట. వాళ్ల అత్త అందరి ముందూ కంచం తోసేసిందట. నేరుగా మా పేజీ తెరిచి, "ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి నన్నే చూస్తోంది. గోడ గడియారంలో రెండు కావస్తోంది. నేను షాపుకి వెళ్లే వేళ.

"పుస్తకంలో తప్పేం లేదమ్మా," అన్నాను. "నీకింకా చెయ్యి కుదర్లేదు."